సి షిఫ్ట్ చేసి పగలు పడుకునేవాళ్లు వాచీలో పల్స్ ఎలా చదువుకోవాలి

రాత్రి నిద్రపోయేవాళ్ల పల్స్‌కు ఒక నడక ఉంటుంది. పడుకున్న కాసేపటికి దిగడం మొదలుపెట్టి, చాలామందిలో తెల్లవారుజామున బాగా కిందికి చేరి, లేచే ముందు కాస్త పైకొస్తుంది. వాచీలతో వచ్చే యాప్‌లు, వాటి మార్కులు, వాటి సలహాలు ఎక్కువగా ఈ నడకనే దృష్టిలో పెట్టుకుని తయారైనవి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లోనో, ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రంలోనో సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి పదికి డ్యూటీ ఎక్కి ఉదయం ఆరుకు దిగేవాళ్లు అదే కొలబద్ద పెట్టుకుంటే, ఏ రోగమూ లేకున్నా రోజూ ఏదో తేడా ఉన్నట్టే కనిపిస్తుంది.

మా తమ్ముడిది ఆ పనే. సిమెంటు ఫ్యాక్టరీలో కిల్న్ సెక్షన్, అంటే రాయి కాల్చే పెద్ద కొలిమి దగ్గర పని, వారానికో షిఫ్ట్ మారుతుంది. వాచీ కొన్న కొత్తలో సి షిఫ్ట్ వారం వచ్చింది. ఫోన్ నా ముందు పెట్టి, “ఏందన్నా ఇది, పోయిన వారం నిద్రలో యాభై ఆరు ఉన్నింది, ఇప్పుడు అరవై మూడు చూపిస్తాంది. పైగా నిద్ర లేసే టయానికి ఎక్కుతా పోతాంది. గుండెకేమన్నా అయిందా?” అన్నాడు. ఏమీ కాలేదు. పగటి నిద్రలో పల్స్ అట్లాగే నడుస్తుంది. ఎందుకు అట్లా నడుస్తుందో తెలిస్తే మిగతా లెక్క సులభం. కాబట్టి మొదట అది.

పల్స్‌ను దించేవి రెండు

రాత్రి నిద్రలో పల్స్ తగ్గడానికి రెండు కారణాలు ఒకేసారి పనిచేస్తాయి. మొదటిది నిద్ర. ఒళ్లు వాల్చి గాఢంగా నిద్రపోతే, ఏ వేళైనా సరే, గుండె నిదానిస్తుంది. రెండోది ఒంట్లోని గడియారం. మనం మేలుకున్నా పడుకున్నా దాని దారి దానిదే. ఒంటి వేడి సాయంత్రం అయిదు, ఏడు మధ్య ఎక్కువగా, తెల్లవారుజామున నాలుగైదు గంటల ప్రాంతంలో తక్కువగా ఉంటుంది. పల్స్ కూడా దాదాపు దాని వెంటే నడుస్తుంది.

రాత్రి పడుకునేవాడికి ఈ రెండూ ఒకే దిక్కుకు లాగుతాయి. నైట్ డ్యూటీ దిగి ఉదయం ఎనిమిదికి పడుకునేవాడికి నిద్ర కిందికి లాగుతుంటే, గడియారం పైకి లాగుతుంటుంది. పడుకున్న మొదటి గంటా గంటన్నరలో నిద్ర బలం ఎక్కువ. రాత్రంతా మేలుకున్న అలసట ఉంటుంది కాబట్టి గాఢ నిద్ర పడుతుంది, పల్స్ దిగుతుంది. ఆ తర్వాత అలసట తీరే కొద్దీ నిద్ర పలచబడుతుంది, అదే సమయంలో గడియారం ఒంటిని వేడెక్కిస్తూ పోతుంది. అందుకే పగటి నిద్రలో పల్స్ అతి తక్కువకు ముందే దిగిపోయి, ఆ తర్వాత గీత మెల్లగా ఎక్కుతుంది. సగటు కూడా రాత్రి నిద్ర కంటే కొన్ని బీట్లు ఎక్కువే ఉంటుంది.

కనిష్ఠ పల్స్ ఏ వేళకు వచ్చిందో చూసి, రాత్రి నిద్ర లెక్కన యాప్‌లు చెప్పే మాట పగటి నిద్రకు పనికిరాదు. ఇక్కడ అది మొదటి సగంలో రావడమే మామూలు.

ఇంకో చిన్న సంగతి. కలలొచ్చే నిద్ర ఉదయం పూట ఎక్కువగా వస్తుంది, అది కూడా గడియారం పనే. ఆ దశలో పల్స్ స్థిరంగా ఉండదు, ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఉదయం పడుకున్నవాళ్ల గీత మొదటి నుంచే కాస్త గరుకుగా కనిపిస్తే అందులో వింతేమీ లేదు.

వారంలో గడియారం మొత్తం తిరగబడదా అని అడుగుతారు. తిరగబడదు. అది పక్కకు జరిగినా రోజుకు గంటో, కాస్త అటూ ఇటో జరుగుతుంది, అది కూడా వెలుగు సహకరిస్తే. ఆరున్నరకు బయటికొచ్చి, ఎర్రటి ఎండ ముఖాన కొడుతుండగా ప్రొద్దుటూరు బస్సెక్కితే ఆ వెలుగే గడియారాన్ని మళ్లీ పగటి వైపు లాగేస్తుంది. ఇక వీక్లీ ఆఫ్ నాడు రాత్రి పడుకుంటే జరిగిన కాస్తా వెనక్కి పోతుంది. ఏళ్ల తరబడి నైట్లు చేసినా చాలామంది గడియారం పగటి మనిషిగానే ఉండిపోవడానికి కారణం ఇదే.

ముందు వాచీని దారిలో పెట్టుకోవాలి

యాప్‌లో నిద్ర సమయం మామూలుగా రాత్రి వేళకే పెట్టి ఉంటుంది. సి షిఫ్ట్ వారంలో దాన్ని మార్చుకోవాలి. మార్చకపోతే కొన్ని వాచీలు మీ అయిదు గంటల పగటి నిద్రను కునుకు కింద జమ కట్టేస్తాయి. కొన్ని అసలు లెక్కలోకే తీసుకోవు. మరికొన్ని ‘విశ్రాంతి పల్స్’ అని రోజుకో అంకె చూపిస్తాయి గానీ, అది ఏ గంటల నుంచి తీసిందో చెప్పవు. మీరు కిల్న్ చుట్టూ మెట్లెక్కి దిగుతున్న సమయం కూడా అందులో కలిసి ఉండొచ్చు. ఆ అంకెను పక్కన పెట్టండి. నిద్ర నాణ్యత మార్కులు, ‘రికవరీ’ శాతం కూడా పక్కన పెట్టండి. మీకు కావలసింది ఒక్కటే, గంటల వారీగా పల్స్ గీత. హార్ట్ రేట్ విభాగంలో ఆ రోజు గ్రాఫ్ తెరిస్తే కనిపిస్తుంది. వేలితో జరిపితే ఏ నిమిషానికి ఎంతో వస్తుంది.

పల్స్ కొలత ‘నిరంతరం’ అన్న సెట్టింగ్‌లో ఉండాలి. బ్యాటరీ మిగులుతుందని పది నిమిషాలకోసారి కొలిచేలా పెడితే సగటుకు సరిపోతుంది గానీ, గీత ఆకారం సరిగా రాదు. పట్టీ మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలకుండా ఉండాలి. వెనక వెలిగే పచ్చ లైటు చర్మానికి ఆనకపోతే వాచీ ఊహించి రాస్తుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక సెన్సార్ గాజును తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. మావాడి వాచీ వెనక సిమెంటు దుమ్ము చెమటతో కలిసి గట్టిగా పొర కట్టింది. అది గీకి తీసేదాకా గీతలో ఉన్నట్టుండి నూట ఇరవైలు, నూట ముప్పైలు వచ్చేవి. గాఢ నిద్రలో ఒక్క నిమిషం అట్లా లేచి మళ్లీ అరవైకి పడిపోతే ముందు వాచీని అనుమానించాలి.

వాచీ లేనివాళ్లు నిద్ర లేవగానే, మంచం దిగకముందే, బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు వేళ్లు పెట్టి పూర్తి నిమిషం లెక్కపెట్టుకోవచ్చు. అది నిద్రలోని పల్స్ కాదు, దానికంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. కానీ రోజూ అదే పద్ధతిలో తీస్తే ఎక్కువ తక్కువలు తెలుస్తాయి.

మూడు షిఫ్టులకు మూడు ఖాతాలు

తమ్ముడు చేసిన పొరపాటు ఇదే, ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు దాకా చేసే ‘ఏ’ షిఫ్ట్ వారంలోని రాత్రి నిద్రను తెచ్చి సి షిఫ్ట్ పగటి నిద్ర పక్కన పెట్టి చూశాడు. అవి రెండూ పోల్చేవి కావు. పగటి నిద్రను పగటి నిద్రతోనే పోల్చాలి.

ఒక నోట్‌బుక్‌లో మూడు పేజీలు తీయండి, ‘ఏ’ షిఫ్ట్‌కు ఒకటి, బి షిఫ్ట్‌కు ఒకటి, సి షిఫ్ట్‌కు ఒకటి. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా చేసే బి షిఫ్ట్‌లో నిద్ర అర్ధరాత్రి దాటాక మొదలైనా అది రాత్రి నిద్రే, కానీ విడిగా ఉంచడం మేలు. ప్రతి నిద్రకూ నాలుగే రాయాలి. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పడుకున్నారు, సగటు పల్స్ ఎంత, అతి తక్కువ ఎంత, అది ఎన్ని గంటలకు వచ్చింది. పక్కన ఒక మాట, కూలర్ ఉందా లేదా, ఒంట్లో ఎలా ఉంది అని. తారీకు లేచిన రోజుది వేయండి, లేకపోతే అర్ధరాత్రి దాటిన డ్యూటీతో లెక్క తికమక అవుతుంది.

సి షిఫ్ట్‌లో మొదటి రోజును సరాసరిలో కలపకండి. ఆ ముందురోజు ఉదయం లేచి, పగలంతా ఇంటి పనుల్లో ఉండి, ఆ రాత్రే డ్యూటీ కెళ్లి ఉంటారు. ఇరవై నాలుగు గంటలకు పైగా మేలుకున్నాక పట్టే నిద్ర వేరు. ఆఫ్ రోజు నిద్ర కూడా అంతే, అది ఏ పేజీకీ చెందదు.

రెండు మూడు సి షిఫ్ట్ వారాలు గడిచాక మీ సొంత అంకె తేలుతుంది. సగటులను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి మధ్యలో పడేది తీసుకోండి. కూడి భాగిస్తే ఒక్క జ్వరం రోజు లెక్కనంతా పైకి లాగేస్తుంది, మధ్య అంకెకు ఆ ఇబ్బంది లేదు. ఎదుటివాడి అంకెతో పోల్చుకోవడం మాత్రం దండగ. ఒకే ప్లాంట్‌లో, ఒకే షిఫ్ట్‌లో ఒకడికి పగటి నిద్రలో యాభై ఎనిమిది, ఇంకొకడికి డెబ్బై రెండు ఉన్నా ఇద్దరూ ఆరోగ్యంగానే ఉండొచ్చు.

ఒక వారం గీతలు చదివి చూద్దాం

మే నెలలో తమ్ముడి నోట్‌బుక్‌లోని ఒక సి షిఫ్ట్ వారం ఇది. ఉదయం ఏడున్నరకు ఇంటికి చేరి, స్నానం చేసి, ఎనిమిదికి పడుకుని ఒంటిగంట ప్రాంతంలో లేస్తాడు. పగటి నిద్రలో అతని మధ్య అంకె అప్పటికి అరవై మూడు. కనిష్ఠం యాభై ఏడు, యాభై తొమ్మిది మధ్య, తొమ్మిదింబావు అటూ ఇటూగా వచ్చేది.

మొదటి రోజు వదిలేస్తే రెండు, మూడు, నాలుగు రోజుల సగటులు 63, 62, 64. కనిష్ఠాలు 58, 57, 59. గీత తొమ్మిదిన్నర దాటాక మెల్లగా ఎక్కి, లేచే ముందు 67 దగ్గర ఆగేది. ఇదే అతని మామూలు.

అయిదో రోజు సగటు 69. ఒక్కసారిగా ఆరు పెరిగింది. అంకె ఒక్కటే చూస్తే టెన్షన్ పడాల్సిందే. గీత తెరిస్తే సంగతి వేరేగా ఉంది. కనిష్ఠం 59, తొమ్మిదీ ఇరవైకి, అంటే ఎప్పటిలాగే. పదకొండు దాకా కూడా తేడా లేదు. అక్కణ్ణించి గీత నిలువునా లేచి పన్నెండుకు 80 దాటింది. పదకొండుకు కరెంటు పోయింది, కూలర్ ఆగింది. రేకుల కప్పున్న గది, బయట నలభై దాటిన ఎండ. ఒంట్లోని వేడిని బయటికి పంపడానికి గుండె చర్మం వైపు ఎక్కువ రక్తం తోయాలి, పల్స్ పెరుగుతుంది. ఇందులో గుండె తప్పేమీ లేదు.

ఆరో రోజు సగటు 71. అయిదో రోజుకు దగ్గరగానే ఉంది కదా, ఇది కూడా వేడే అనుకోవచ్చు. కానీ ఆ రోజు కరెంటు పోలేదు, కూలర్ ఆడుతూనే ఉంది. గీతలో కనిష్ఠమే 66. గాఢ నిద్ర పట్టాల్సిన మొదటి గంటలో కూడా పల్స్ కిందికి రాలేదు. గీత ఆకారం మామూలుదే, మొత్తంగా ఏడెనిమిది బీట్లు పైకి జరిగింది అంతే. లేచాక గొంతు గరగర, ఒళ్లు నొప్పులు అన్నాడు. సాయంత్రం థర్మామీటర్ పెడితే 100.6. జ్వరంలో ఒంటి వేడి ఒక డిగ్రీ సెంటీగ్రేడ్ పెరిగితే పల్స్ సుమారుగా పది దాకా పెరుగుతుంది. మనిషికి తెలిసేలోపే వాచీలో జ్వరం కనిపించింది.

నా దృష్టిలో పగటి నిద్ర పల్స్ చదవడంలో అసలు కిటుకు ఇదే. సగటు పెరిగితే వెంటనే కనిష్ఠం చూడాలి. కనిష్ఠం మామూలుగా ఉండి గీత తోక మాత్రమే లేస్తే కారణం గదిలో ఉంది, అంటే వేడి, చప్పుడు, కిటికీ వెలుగు, ఫోన్ మోతలు. కనిష్ఠమే లేస్తే కారణం ఒంట్లోకి వెళ్లింది, అంటే జ్వరం, నీళ్లు తగ్గడం, పడుకునే ముందు తిన్నది, తాగినది, లేదా మందులు.

కనిష్ఠం లేచినప్పుడు వెతకాల్సినవి

జ్వరం లేదని తేలాక ముందు పడుకునే ముందు తిన్న తిండి చూడండి. డ్యూటీ దిగి దారిలో ఉగ్గాని, బజ్జీలు కడుపు నిండా తిని అరగంటలో పడుకుంటే అరుగుదల కోసం గుండె పనిచేస్తూనే ఉంటుంది, మొదటి రెండు గంటలు పల్స్ దిగదు. రాత్రి ఒంటిగంటకు క్యాంటీన్‌లో భోజనం చేసి, ఉదయం మజ్జిగ, రెండు ఇడ్లీలతో సరిపెట్టుకుంటే తేడా గీతలోనే కనిపిస్తుంది.

టీ సంగతి కొంచెం మొండిది. నిద్ర ఆపుకోవడానికి తెల్లవారుజామున నాలుగున్నరకు తాగే టీలోని కెఫీన్ చాలామందిలో అయిదారు గంటల తర్వాత కూడా సగం మిగిలే ఉంటుంది. టీ పల్స్‌ను పెద్దగా పెంచకపోయినా గాఢ నిద్రను పలచబరుస్తుంది, దాంతో పల్స్ దిగాల్సినంత దిగదు. చివరి టీ రాత్రి రెండు గంటలకు తాగితే నయం. బీడీ, సిగరెట్ అయితే నేరుగా పల్స్‌ను పెంచుతాయి. మందు తాగితే నిద్ర తొందరగా పడుతుందని కొందరు ఉదయమే ఒక క్వార్టర్ వేసుకుంటారు. నిద్ర పడుతుంది, కాదనను. కానీ ఆ రోజు కనిష్ఠం చూస్తే పల్స్ పైనే ఉంటుంది, అది దిగేసరికి లేచే వేళవుతుంది. మాటలతో నమ్మనివాళ్లకు ఈ గీత చూపిస్తే కొంత నమ్ముతారు.

నీళ్ల లోటు కిల్న్ దగ్గర పనిచేసేవాళ్లకు ఎక్కువ. లేచాక మూత్రం ముదురు పసుపుగా ఉంటే ఆ రోజు పల్స్ పెరగడానికి అదే కారణం కావచ్చు.

వీటిని ఒకేసారి మార్చకండి. ఒక వారం తిండి మాత్రం మార్చి చూడండి, తర్వాతి సి షిఫ్ట్‌లో టీ వేళ మార్చండి. అన్నీ ఒకేసారి చేస్తే పల్స్ తగ్గినా ఏది పనిచేసిందో తెలియదు.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి

పగటి నిద్ర సగటు మీ మధ్య అంకె కంటే పది పైన, వరసగా మూడు నాలుగు రోజులు, కనిష్ఠంతో సహా లేచి ఉండి, పైన చెప్పిన కారణాలేవీ దొరకకపోతే చూపించుకోవాలి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం ఇట్లాగే కనిపిస్తాయి, మామూలు రక్తపరీక్షలతో తేలతాయి. మేలుకుని, కదలకుండా పడుకుని ఉన్నప్పుడు కూడా పల్స్ తరచూ వంద దాటితే వారాలు చూడక్కర్లేదు. ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం ఉంటే నోట్‌బుక్ పక్కన పడేసి 108కి ఫోన్ చేయాలి.

ఇంకొకటి వాచీ కంటే ఇంట్లోవాళ్లకు బాగా తెలుస్తుంది. పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడినట్టు మళ్లీ పీల్చడం. అట్లాంటివాళ్ల గీత రంపం పళ్లలా పడుతూ లేస్తూ ఉంటుంది. అయితే వాచీ అంత దగ్గర దగ్గరగా కొలవకపోతే అది కనపడదు. గీత నున్నగా ఉంది కదా అని ఆ గురకను తీసిపారేయకూడదు. లేచాక కూడా తలనొప్పి, బండి మీద కునికిపాట్లు ఉంటే నిద్ర పరీక్ష చేయించుకోవాలి.

బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్ల పల్స్‌ను ఆ మందే పట్టి ఉంచుతుంది. జ్వరం వచ్చినా అంతగా లేవకపోవచ్చు. వాళ్లకు ఈ లెక్కలు సగమే వర్తిస్తాయి. షిఫ్ట్ మారినప్పుడల్లా మాత్ర వేసుకునే వేళను సొంతంగా అటూ ఇటూ జరపకుండా, డాక్టర్‌ను అడిగి ఒక వేళ ఖాయం చేసుకోవాలి.

డాక్టర్ ఒకవేళ ఇరవై నాలుగు గంటలు గుండె కొట్టుకోవడాన్ని రాసే హోల్టర్ గానీ, బీపీ మిషన్ గానీ కట్టమంటే దాన్ని సి షిఫ్ట్ వారంలో కట్టించుకుంటున్నారో, రాత్రి పడుకునే వారంలోనో ముందే చెప్పండి. ఆ రిపోర్టులు చాలావరకు గడియారం చూసి పగలు, రాత్రి అని విడగొడతాయి. మీరు కిల్న్ దగ్గర తిరుగుతున్న గంటలు ‘రాత్రి నిద్ర’ కింద, పడుకున్న గంటలు ‘పగటి పని’ కింద పడితే, రాత్రి పల్స్ తగ్గడం లేదని, బీపీ దిగడం లేదని రిపోర్టు వస్తుంది. మిషన్‌తో పాటు ఇచ్చే చీటీలో పడుకున్న వేళ, లేచిన వేళ మీ చేత్తో రాసి, వెనక్కి ఇచ్చేటప్పుడు టెక్నీషియన్‌కు నోటితో కూడా ఒకసారి చెప్పండి. నిద్ర గంటలు మార్చి రిపోర్టు తీయడం ఆయనకు రెండు నిమిషాల పని.